సీజర్ సైఫర్, మాడ్యులో 26: RIVER అనే ఒక్క మాటతో తరచుగా అడిగే ప్రశ్నలు

సీజర్ సైఫర్ అంటే అక్షరాలను వర్ణమాలలో ముందుకు జరిపి మాటను రహస్యంగా రాసే పద్ధతి. ఎంత జరపాలో చెప్పే అంకె కీ. ఈ పేజీలో దాదాపు అన్ని జవాబులకూ ఒకే మాట, ఒకే కీ వాడాను. మాట RIVER, కీ 9. ఐదక్షరాలే అయినా, అక్షరాల నంబర్లకు కీ కలిపేటప్పుడు వచ్చే మూడు సందర్భాలూ ఇందులో ఉన్నాయి: మొత్తం 26 కంటే తక్కువ రావడం, సరిగ్గా 26 రావడం, 26 దాటిపోవడం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదివితే తేలిక.

అక్షరాలను జరపడం అంటే ఏమిటి?

మాటలో ఉన్న ప్రతి అక్షరానికి బదులు, వర్ణమాలలో దానికి కొన్ని స్థానాల తర్వాత ఉన్న అక్షరాన్ని రాయడం. ఎన్ని స్థానాలు అన్నదే కీ. అది పంపేవారికీ అందుకునేవారికీ ముందే తెలిసి ఉండాలి. ఒకే మాటలో మొదటి అక్షరానికి ఒక కీ, రెండో దానికి ఇంకో కీ ఉండవు. అన్నీ ఒకే దూరం జరుగుతాయి. ఈ పద్ధతి బలహీనత కూడా అక్కడే ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

దీనికి లెక్కలు ఎందుకు? వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోతే చాలదా?

చిన్న మాటకు చాలు. అయితే వేళ్ల మీద లెక్కపెట్టేటప్పుడు జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే: బయలుదేరిన అక్షరాన్ని కూడా ఒకటిగా లెక్కపెట్టేస్తారు. R నుంచి 9 జరపమంటే R ఒకటి, S రెండు అనుకుంటూ Z దగ్గర ఆగిపోతారు. సరైన జవాబు A. నంబర్లు వేసుకుంటే ఈ తేడా రాదు.

```
 A  B  C  D  E  F  G  H  I  J  K  L  M
 0  1  2  3  4  5  6  7  8  9 10 11 12

 N  O  P  Q  R  S  T  U  V  W  X  Y  Z
13 14 15 16 17 18 19 20 21 22 23 24 25
```

A కి 1 ఇవ్వకుండా 0 ఎందుకు ఇచ్చారు?

26తో భాగిస్తే వచ్చే శేషాలు 0 నుంచి 25 వరకే. 26 అనే శేషం రాదు. అక్షరాల నంబర్లు కూడా 0 నుంచి 25 వరకే ఉంటే, ఏ శేషం వచ్చినా దానికి ఒక అక్షరం సిద్ధంగా ఉంటుంది.

A కి 1, Z కి 26 ఇచ్చి RIVER చేసి చూడండి. R 18, తొమ్మిది కలిపితే 27, శేషం 1, అంటే A. I 9, కలిపితే 18, R. V 22, కలిపితే 31, శేషం 5, E. E 5, కలిపితే 14, N. జవాబు సరిగ్గానే వచ్చింది! ఈ తప్పును పట్టుకోవడం కష్టం కావడానికి కారణం ఇదే. ఈసారి QUIET ప్రయత్నించండి. Q 17, తొమ్మిది కలిపితే 26, శేషం 0. సున్నాకు అక్షరమే లేదు. కీ 9 అయినప్పుడు ఒక్క Q మాత్రమే ఇలా ఇరుక్కుంటుంది, కాబట్టి మీ మాటలో Q లేకపోతే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 1 నుంచే లెక్కపెట్టాలని పట్టుదల ఉంటే, శేషం 0 వచ్చినప్పుడల్లా దాన్ని 26గా చదువుకోవాలి. నేనైతే 0 నుంచే మొదలుపెట్టమంటాను.

మాడ్యులో 26 అంటే?

26తో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకోవడం. ఈరోజు శుక్రవారమైతే పది రోజుల తర్వాత ఏ వారం అని అడిగితే, మీరు పదిలోంచి ఒక ఏడు తీసేసి, మిగిలిన మూడు రోజులు ముందుకెళ్లి సోమవారం అంటారు. అది మాడ్యులో 7. ఇక్కడ ఏడుకు బదులు ఇరవయ్యారు. Z తర్వాత మళ్లీ A వస్తుందన్న మాటను అంకెల్లో చెప్పే తీరు అంతే.

ఈ చుట్టు తిరగడం అందరికీ వెంటనే తట్టేది కాదేమో అనిపిస్తుంది. రోమన్ రచయిత సుటోనియస్ చెప్పిన ప్రకారం జూలియస్ సీజర్ తన రహస్య లేఖల్లో A కి బదులు D రాసేవాడు, అంటే కీ 3. ఆయన వారసుడు ఆగస్టస్ కీ 1 వాడాడు. కానీ వర్ణమాల చివరి అక్షరం దగ్గరకు వచ్చేసరికి తిరిగి A కి వెళ్లకుండా AA అని రాసేవాడట. ఒక అక్షరానికి రెండు అక్షరాలు! అప్పటి లాటిన్ వర్ణమాలలో అక్షరాలు 26 కంటే తక్కువ కాబట్టి వాళ్లు చేసింది మాడ్యులో 26 అని కూడా అనలేం.

RIVER ను కీ 9తో ఎన్‌క్రిప్ట్ చేసి చూపిస్తారా?

ఎన్‌క్రిప్ట్ చేయడం అంటే మాటను ఇలా జరిపి రహస్య రూపంలోకి మార్చడం. సూత్రం ఇది. ఇక్కడ x మాటలోని అక్షరం నంబరు, k కీ, y ఫలితం.

```
y = (x + k) mod 26
```

మొదటి అక్షరం R, నంబరు 17. తొమ్మిది కలిపితే సరిగ్గా 26. 26ను 26తో భాగిస్తే శేషం 0, కాబట్టి A. ఇక్కడ చాలామంది కాస్త తడబడతారు: 26 వచ్చింది కదా, Z రాద్దామా అని. Z నంబరు 25. 26 అంటే Z దాటిన తర్వాతి మొదటి అడుగు, అంటే A.

రెండో అక్షరం I, నంబరు 8. కలిపితే 17. ఇది 26 కంటే తక్కువ, తీసేయడానికి ఏమీ లేదు. 17 అంటే R.

మూడోది V, నంబరు 21. కలిపితే 30. 26 తీసేస్తే 4, అంటే E.

నాలుగోది E, నంబరు 4. కలిపితే 13, N.

ఐదోది మళ్లీ R. మొదటిసారి A వచ్చింది కాబట్టి ఇప్పుడూ A.

```
R   I   V   E   R
17  8   21  4   17
26  17  30  13  26      (+9)
0   17  4   13  0       (mod 26)
A   R   E   N   A
```

RIVER కాస్తా ARENA అయింది. నది అని రాస్తే బరి అని వచ్చింది! మామూలుగా ఇలా అర్థమున్న మాట రాదు, పలకడానికి వీలుకాని అక్షరాల గుంపు వస్తుంది. ఈ జంట అరుదైన కాకతాళీయం, అందుకే ఎంచుకున్నాను. దీని ఉపయోగం కింద కనిపిస్తుంది.

మరి తిరిగి RIVER ఎలా తెచ్చుకోవాలి?

కలిపినదాన్ని తీసేయాలి. ఇలా అసలు మాటను తిరిగి తెచ్చుకోవడమే డీక్రిప్ట్ చేయడం.

```
x = (y - k) mod 26
```

A అంటే 0. తొమ్మిది తీసేస్తే −9. అక్షరానికి రుణ సంఖ్య ఉండదు కాబట్టి 26 కలపాలి: 17, R. తర్వాత R, 17 లోంచి 9 తీస్తే 8, I. E అంటే 4, తొమ్మిది తీస్తే −5, 26 కలిపితే 21, V. N అంటే 13, తీస్తే 4, E. చివరి A మళ్లీ R. RIVER వచ్చేసింది.

−9కి 26 కలపడం మన ఇష్టం కొద్దీ చేసిన పని కాదు. మాడ్యులో 26 లెక్కలో 26 అంటే పూర్తి చుట్టు, అంటే కదలనట్టే. కాబట్టి ఎన్ని 26లు కలిపినా, తీసినా అక్షరం మారదు. జవాబు 0కీ 25కీ మధ్య పడేదాకా కలపడమో తీయడమో చేయొచ్చు.

తీసివేత, రుణ సంఖ్యల గొడవ లేకుండా డీక్రిప్ట్ చేయలేమా?

చేయొచ్చు. 9 వెనక్కి వెళ్లడం, 17 ముందుకు వెళ్లడం ఒకటే, ఎందుకంటే 9 + 17 = 26. కాబట్టి ARENA ను కీ 17తో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయండి. 0 + 17 = 17, R. 17 + 17 = 34, శేషం 8, I. 4 + 17 = 21, V. 13 + 17 = 30, శేషం 4, E. తీసివేతలో తరచూ తప్పులు చేసేవారికి ఇదే మంచి దారి.

ఇదే తర్కంతో 13 ఎందుకు ప్రత్యేకమో కూడా తెలిసిపోతుంది. 13 + 13 = 26, అందుకే 13 జరిపిన మాటను మళ్లీ 13 జరిపితే అసలు మాట వచ్చేస్తుంది. ROT13 అనేది ఇదే. ఎన్‌క్రిప్ట్ చేయడానికీ డీక్రిప్ట్ చేయడానికీ వేర్వేరు ప్రోగ్రాములు అక్కర్లేదు.

ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక్కో అక్షరం మార్చుకుంటూ పోయాను. ARENA రావాల్సింది ARNNA వచ్చింది. ఎందుకు?

మార్చిన అక్షరాన్నే మళ్లీ మార్చారు. జరిగింది చూడండి. R ను A చేశారు: AIVEA. I ను R చేశారు: ARVEA. V ను E చేశారు: AREEA. ఇప్పుడు E ను N చేయమన్నారు. కానీ ఇప్పుడున్న రెండు E లలో ఒకటి అసలు మాటలోది, ఇంకొకటి మీరు ఇంతకుముందే V బదులు పెట్టింది. ఎడిటర్‌కు ఆ తేడా తెలియదు, రెండింటినీ N చేసేసింది.

అసలు మాట ఒక వరుసలో, ఫలితం దాని కింద వేరే వరుసలో ఉండాలి. ప్రతిసారీ పై వరుసనే చూడాలి. ఎడిటర్‌లోనే చేసి తీరాలంటే, మారిన అక్షరాలను చిన్న అక్షరాల్లో రాసి (R బదులు a, V బదులు e), పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకునే సెట్టింగ్ పెట్టుకుంటే ఈ చిక్కు తప్పుతుంది.

ప్రోగ్రాంలో రాస్తే ఎలా ఉంటుంది?

పైథాన్‌లో, పెద్ద అక్షరాలకు మాత్రమే:

```python
def jarupu(mata, k):
    return "".join(chr((ord(c) - 65 + k) % 26 + 65) for c in mata)

print(jarupu("RIVER", 9))    # ARENA
print(jarupu("ARENA", -9))   # RIVER
```

కంప్యూటర్‌లో A కోడ్ 65. దాన్ని ముందు తీసేస్తేనే A కి 0 వస్తుంది, చివర్లో మళ్లీ కలిపితే అక్షరం కోడ్ వస్తుంది. స్పేస్‌లు, అంకెలు, చుక్కలు ఉంటే వాటిని ఈ లెక్కలోకి పంపకుండా ఉన్నవి ఉన్నట్టు వదిలేయాలి. లేకపోతే స్పేస్ కూడా ఏదో ఒక అక్షరంగా మారిపోతుంది, తిరిగి స్పేస్‌గా రాదు.

నా ప్రోగ్రాం ARENA ను డీక్రిప్ట్ చేస్తే 8I<E8 అని వస్తోంది. ఇదేం భాష?

మీరు రాసింది బహుశా సి, జావా లేదా జావాస్క్రిప్ట్‌లో అయి ఉంటుంది. ఆ భాషల్లో % గుర్తు ఇచ్చే శేషానికి భాజ్యం గుర్తే ఉంటుంది: `-9 % 26` అంటే −9 అనే చెబుతాయి. పైథాన్ మాత్రం 17 అంటుంది. మీ ప్రోగ్రాం 65కి −9 కలిపి 56 అనే కోడ్‌కు వెళ్లింది, అది 8 అంకె. E దగ్గర 65కి −5 కలిపి 60, అది < గుర్తు. R, N ల దగ్గర తీసివేత సున్నా కిందికి వెళ్లలేదు కాబట్టి I, E సరిగ్గా వచ్చాయి. కొన్ని అక్షరాలు సరిగ్గా, కొన్ని అంకెలో గుర్తులో వస్తే రోగం ఇదేనని అనుకోవచ్చు. మందు:

```c
x = ((y - k) % 26 + 26) % 26;
```

ఎన్‌క్రిప్ట్ చేస్తే NERAN వచ్చింది. ఇది కూడా అదేనా?

కాదు, ఇది ఇంకొకటి. ఇందులో అన్నీ అక్షరాలే ఉన్నాయి, కానీ అన్నీ తప్పు. ARENA తో పోల్చి చూడండి: A బదులు N, R బదులు E. ప్రతిదీ సరిగ్గా 13 దూరంలో ఉంది. మొదట 65 తీసేయడం మరిచిపోయారు. 65ను 26తో భాగిస్తే శేషం 13, ఆ అదనపు 13 ప్రతి అక్షరానికీ అంటుకుంది. మీ కీ 9 అనుకున్నారు, నిజానికి 22తో జరిగింది. చిన్న అక్షరాలతో ఇదే తప్పు చేస్తే తేడా 19 వస్తుంది, ఎందుకంటే a కోడ్ 97, దాని శేషం 19. అందుకే జవాబు తప్పినప్పుడు ముందు చూడాల్సింది, ఎంత తప్పిందన్నది అన్ని అక్షరాలకూ ఒకటేనా అని. ఒకటే అయితే ఆ అంకే తప్పు ఎక్కడుందో చెప్పేస్తుంది.

కీ 35 అయితే భద్రత పెరుగుతుందా? రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేస్తే?

35లోంచి 26 పోతే 9. RIVER మళ్లీ ARENA యే అవుతుంది. పనికొచ్చే కీలు 1 నుంచి 25 వరకే, 0 గానీ 26 గానీ వాడితే మాట ఉన్నట్టే ఉంటుంది. రెండుసార్లు చేసినా లాభం లేదు: ముందు 9, తర్వాత 20 అంటే మొత్తం 29, అంటే 3. చూసేవాడికి అది ఒక్కసారి కీ 3తో చేసినట్టే కనిపిస్తుంది. దురదృష్టం కొద్దీ 9 తర్వాత 17 ఎంచుకున్నారంటే రహస్యం దానంతటదే విప్పుకుంటుంది.

కీ తెలియని మనిషి ARENA నుంచి RIVER కనిపెట్టగలడా?

గలడు, కొన్ని నిమిషాల్లో. ఒక్కో అడుగు వెనక్కి జరుపుతూ రాసుకుంటూ పోవాలి: ZQDMZ, YPCLY, XOBKX, అలా తొమ్మిదో వరుసలో RIVER వస్తుంది. మిగతా వరుసలు కూడా రాసి చూడండి, ఇంగ్లీషు మాట ఇంకొకటి కనిపించదు. కాకపోతే ARENA యే ఒక మాట. చేతికందిన కాగితం మీద ARENA అని ఉంటే అది ఎన్‌క్రిప్ట్ అయిందో లేదో కూడా తెలియదు. COLD ను కీ 3తో జరిపితే FROG, CHEER ను కీ 7తో జరిపితే JOLLY వస్తాయి. పొట్టి మాటలతో ఈ అనుమానం ఎప్పుడూ ఉంటుంది. రెండు మూడు మాటల వాక్యం అయితే దాదాపు పోతుంది, ఎందుకంటే ఒకే కీతో అన్ని మాటలూ ఒకేసారి అర్థవంతంగా మారడం జరిగే పని కాదు.

పొడవైన రాతకు ఇంకో దారి ఉంది. 9వ శతాబ్దంలో అల్ కిందీ అనే అరబ్ పండితుడు రాసిపెట్టిన పద్ధతి అది: ఏ అక్షరం ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఆ భాషలో సాధారణంగా ఎక్కువగా వచ్చే అక్షరంతో జత కలపడం. ఇంగ్లీషులో అది E. కానీ ఐదక్షరాల మాట మీద దీన్ని ప్రయోగిస్తే ఏమవుతుందో చూడండి. ARENA లో ఎక్కువసార్లు వచ్చింది A. అది E అనుకుంటే కీ 22 అని తేలుతుంది, డీక్రిప్ట్ చేస్తే EVIRE వస్తుంది. చెత్త. చిన్న మాటకు 25 కీలూ వరసగా ప్రయత్నించడమే నయం.

ఒక మాట ఇంకో మాటను జరిపితే వచ్చిందేనా అని కీ వెతక్కుండానే తెలుసుకోవచ్చా?

ఈ పేజీలో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. తెలుసుకోవచ్చు. పక్కపక్క అక్షరాల మధ్య తేడాలు తీయండి, మాడ్యులో 26లో. RIVER లో R నుంచి I కి 8 − 17 = −9, అంటే 17. I నుంచి V కి 13. V నుంచి E కి −17, అంటే 9. E నుంచి R కి 13. ఇప్పుడు ARENA: A నుంచి R కి 17. R నుంచి E కి −13, అంటే 13. E నుంచి N కి 9. N నుంచి A కి −13, అంటే 13.

```
RIVER : 17 13 9 13
ARENA : 17 13 9 13
```

రెండూ ఒకటే. ప్రతి అక్షరానికీ ఒకే k కలిపాం కాబట్టి, తేడా తీసినప్పుడు ఆ k కొట్టుకుపోతుంది. అంటే సీజర్ సైఫర్ దాచేది మాట మొదలైన చోటును మాత్రమే. అక్కడి నుంచి ఎటు, ఎంత దూరం నడిచిందన్నది బయటే ఉంటుంది.

మరి దీన్ని నిజంగా ఎవరైనా వాడుతున్నారా?

రహస్యాలకు వాడకూడదు, కానీ వాడినవారున్నారు. ఇటలీలో 2006లో పట్టుబడిన మాఫియా నాయకుడు బెర్నార్డో ప్రొవెంజానో, తన చీటీల్లో మనుషుల పేర్లను అంకెలుగా రాసేవాడు: A కి 4, B కి 5, అలా. సీజర్ కీ 3కి ఇది దగ్గరి చుట్టమే. పోలీసులకు అది పెద్ద కష్టమేమీ కాలేదు.

తెలుగు అక్షరాలతో చేయొచ్చా?

చేయొచ్చు, అయితే 26 మారుతుంది. క నుంచి మ వరకు 25 వర్గాక్షరాలు, తర్వాత య ర ల వ శ ష స హ ళ తొమ్మిది. మొత్తం 34 హల్లులు తీసుకుని క కి 0, ళ కి 33 ఇవ్వండి. లెక్క మాడ్యులో 34. గుణింతాన్ని కదపకుండా హల్లును మాత్రమే జరపండి.

కీ మళ్లీ 9 అనుకుని నది అనే మాట తీసుకుందాం. న నంబరు 19, తొమ్మిది కలిపితే 28, వ. ద నంబరు 17, కలిపితే 26, ర. దాని గుడి దానికే ఉంటుంది. నది కాస్తా వరి అయింది! చుట్టు తిరిగే సందర్భం కావాలంటే హ చూడండి: 32 + 9 = 41, 34 తీస్తే 7, జ.

యూనికోడ్ నంబర్లకు నేరుగా 9 కలిపేస్తే మాత్రం కుదరదు. ఆ పట్టికలో మధ్య మధ్య ఖాళీలున్నాయి. ఠ కి తొమ్మిది స్థానాల తర్వాత అసలు అక్షరమే లేదు, తెర మీద డబ్బా కనిపిస్తుంది. పైగా గుణింతపు గుర్తులు కూడా అదే పట్టికలో ఉంటాయి కాబట్టి అవీ కదిలిపోతాయి. అందుకే మన 34 హల్లుల జాబితాను మనమే రాసుకుని, దాని మీదే లెక్క చేయాలి.

ఈ పద్ధతిలో ఒక లొసుగు ఉంది. గుణింతాలు కదలవు కాబట్టి, వరి చూసినవాడికి అసలు మాట అకారంతో మొదలై ఇకారంతో ముగిసిందని కీ తెలియకుండానే తెలిసిపోతుంది. అచ్చులకు వేరే జాబితా పెట్టి వాటినీ జరపవచ్చు, కానీ అప్పుడు మాడ్యులో సంఖ్యలు రెండవుతాయి, కీ కూడా రెండు అంకెలుగా పంపుకోవాలి.